నీళ్లలో పడిన ఫోన్‌లోని చాట్‌లు: ఏ దారి ముందు పట్టాలి, ఎక్కడ ఆగాలి

ఫోన్ బకెట్‌లో పడిన మరుక్షణం నుంచి మనం చేసే ప్రతి పనీ ఫోన్‌ను బతికించుకోవడానికే చేస్తాం. తుడిచి ఆన్ చేసి చూస్తాం, వెలగకపోతే ఛార్జర్ పెడతాం, అప్పటికీ వెలగకపోతే బియ్యం డబ్బాలో దాస్తాం. ఫోన్ పోయినా ఫరవాలేదు, చాట్‌లు కావాలి అనుకునేవారు ముందు తేల్చుకోవలసిన విషయం మాత్రం వేరు. ఆ సందేశాల రెండో ప్రతి ఇంకెక్కడైనా ఉందా, ఉంటే ఏ తేదీ వరకు ఉంది? ఇది తెలియకుండా తడి ఫోన్‌ను కెలికినా, తొందరపడి వేరే ఫోన్‌లో వాట్సాప్ పెట్టుకున్నా, ఉన్న ప్రతి కూడా చేజారిపోవచ్చు.

ఇక్కడ వాట్సాప్ గురించే ప్రధానంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి ప్రమాదాల్లో ఎక్కువమంది వెతుక్కునేది అందులోని మాటలనే. టెలిగ్రామ్‌లో మామూలు చాట్‌లు సర్వర్‌లోనే ఉంటాయి కాబట్టి ఇంకో ఫోన్‌లో లాగిన్ కాగానే కనిపిస్తాయి. ఒక్క సీక్రెట్ చాట్‌లు మాత్రం ఆ ఫోన్‌తోనే పోతాయి. వాట్సాప్ పద్ధతి అది కాదు. సందేశం మనకు చేరగానే సర్వర్ నుంచి తొలగిపోతుంది. చేరనిదైతే 30 రోజుల వరకు ఆగి ఉంటుంది. అంటే నిన్నటి వరకు మీరు చదివిన మాటలను తిరిగి ఇవ్వమని సంస్థను అడిగినా ఇవ్వడానికి వారి దగ్గర ఏమీ ఉండదు.

మొదటి గంటలో

ఫోన్ ఇంకా వెలుగుతూ ఉంటే స్విచ్ ఆఫ్ చేయండి. ఆరిపోయి ఉంటే ఆన్ చేసి చూడకండి. చెప్పడానికి తేలికైన ఈ మాట పాటించడం చాలా కష్టం, కాబట్టి కారణం వివరంగా చెబుతాను. సర్క్యూట్ బోర్డు మీద నీరు చేరినంత మాత్రాన వెంటనే పెద్ద నష్టం జరగదు. ఆ నీటిలో కరిగిన లవణాల గుండా బ్యాటరీ కరెంటు పారినప్పుడు, ఒక గీత నుంచి రాగి కరిగి పక్క గీత వైపు పాకుతుంది; సన్నటి గీతలు తెగిపోతాయి, లేదా రెండూ కలిసిపోయి షార్ట్ అవుతాయి. ఛార్జర్ పెడితే బోర్డు మీదికి మరింత కరెంటును పంపినట్టే. అందుకే నీళ్లలో అరనిమిషం ఉండి వెంటనే ఆగిపోయిన ఫోన్ కంటే, ఒక్క క్షణం మునిగి తర్వాత పదిసార్లు ఆన్ చేయించుకున్న ఫోన్ ఎక్కువ పాడై కనిపిస్తుంది.

తర్వాత కవర్ తీసి, సిమ్ ట్రే బయటికి లాగి, ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకొని అరచేతి మీద మెల్లగా తట్టండి. చాలా ఫోన్లలో సిమ్ ట్రే గూటి లోపల చిన్న తెల్లటి గుర్తు ఉంటుంది. అది ఎర్రబడి ఉంటే నీరు లోపలికి చేరిందని అర్థం. సిమ్‌ను తుడిచి భద్రంగా పెట్టుకోండి, కొత్త ఫోన్‌లో ఓటీపీ రావాలంటే అదే కావాలి. ఫోన్‌ను గాలి ఆడే చోట, ఫ్యాన్ ముందు ఉంచండి. బియ్యం వద్దు. మూసి ఉన్న ఫోన్‌లో, చిప్‌ల మీది లోహపు మూతల కింద చేరిన నీటిని బియ్యం లాగలేదు, పైగా దాని పొడి రంధ్రాల్లోకి చేరుతుంది. ఐఫోన్‌ను బియ్యంలో పెట్టవద్దని ఆపిల్ సంస్థే తన సూచనల్లో చెప్పింది. హెయిర్ డ్రయ్యర్ వేడి గాలి జిగురును వదులు చేసి, నీటిని ఇంకా లోపలికి తోస్తుంది.

ఒక సందర్భంలో మాత్రం ఎటూ తేల్చుకోలేక ఆగుతాం. నీటిని తట్టుకునే రకం ఫోన్ మంచినీటిలో ఒక్కసారి మునిగి లేచి, తెర మీద మచ్చా మినుకూ లేకుండా, వేడెక్కకుండా మామూలుగానే పనిచేస్తూ ఉంటే ఏం చేయాలి? అలాంటప్పుడు ఆఫ్ చేసే ముందు, ఛార్జర్ పెట్టకుండా, వాట్సాప్ సెట్టింగ్స్‌లో వీడియోలను మినహాయించి ఒక్కసారి బ్యాకప్ నొక్కడం మంచిదని నా అభిప్రాయం. రోజూ బ్యాకప్ అయ్యే ఫోన్‌లో అది సాధారణంగా కొద్ది నిమిషాల పని. కానీ తెర వణుకుతున్నా, స్పీకర్ గరగరమంటున్నా, ముట్టుకోకుండానే టచ్ పనిచేస్తున్నా ఆ కొద్ది నిమిషాలు కూడా ఇవ్వకూడదు. ఉప్పునీరు, చక్కెర పానీయం, సబ్బునీరు అయితే అసలు ఆలోచించవలసిన పని లేదు, ఆఫ్ చేయడమే.

దారులు నాలుగు, వాటి వరుస ముఖ్యం

ఫోన్ ఆరుతున్న రెండు రోజుల్లో చేయవలసిన పని ఫోన్‌తో కాదు. చాట్‌లు తిరిగి దొరికే దారులు నాలుగు ఉన్నాయి: కంప్యూటర్‌లో ముందే జోడించి ఉంచిన వాట్సాప్, క్లౌడ్‌లోని బ్యాకప్, అవతలి మనిషి ఫోన్, చివరగా తడిసిన ఫోన్. వీటిలో ఏది మంచిదని విడివిడిగా అడిగితే జవాబు తేలదు, ఎందుకంటే ఒక దారిలో నడవడం వల్ల ఇంకొకటి మూసుకుపోవచ్చు. చౌకైన దారి నుంచి ఖరీదైన దానికి వెళ్లడం సహజమే అయినా, అంతకంటే ముందు మూసుకుపోయేదాన్ని ముందు వాడుకోవాలన్నదే ఇక్కడ సూత్రం.

అన్నిటికంటే ముందు మూసుకుపోయేది కంప్యూటర్ దారి. జోడించిన కంప్యూటర్‌లోని వాట్సాప్ ఇప్పుడు ఫోన్ ఆన్‌లో లేకపోయినా పనిచేస్తుంది, కాబట్టి ఫోన్ నీళ్లలో పడిన నిమిషం వరకు వచ్చిన సందేశాలు, ఆ తర్వాత వచ్చినవి కూడా అందులో ఉంటాయి. కానీ ప్రధాన ఫోన్ 14 రోజులకు మించి వాడకంలో లేకపోతే జోడించిన పరికరాలు లాగౌట్ అవుతాయి. అంతకంటే పెద్ద ప్రమాదం మన చేతిలోనే ఉంది: అదే నంబరును కొత్త ఫోన్‌లో నమోదు చేసుకోగానే కంప్యూటర్‌లోని వాట్సాప్ తెగిపోతుంది, అందులో కనిపించే చాట్‌లూ పోతాయి. చాలామంది నష్టపోయేది ఇక్కడే. బల్ల మీద ల్యాప్‌టాప్‌లో చాట్‌లన్నీ తెరిచే ఉంటాయి, కొత్త ఫోన్ కొన్న ఉత్సాహంలో నంబరు నమోదు చేస్తారు, వెనక్కి తిరిగి చూసేసరికి ల్యాప్‌టాప్ తెర మీద క్యూఆర్ కోడ్ ఒక్కటే మిగులుతుంది.

కాబట్టి ముందు కంప్యూటర్ దగ్గర కూర్చోండి. ముఖ్యమైన చాట్‌లను ఒక్కొక్కటిగా తెరిచి, పైకి జరుపుతూ, బ్యాకప్‌లో లేని రోజుల భాగాన్ని స్క్రీన్‌షాట్‌లుగా తీసుకోండి, లేదా వాక్యాలను ఎంచుకొని ఒక ఫైల్‌లో అతికించుకోండి. ఫొటోలను, వాయిస్ మెసేజ్‌లను డౌన్‌లోడ్ చేసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. కొన్ని పాత ఫైళ్లు ప్రధాన ఫోన్ అందుబాటులో లేనిదే డౌన్‌లోడ్ కావు, వాటిని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తడిసిన ఫోన్ కోసం శ్రమ పడాలా వద్దా అన్నది చివరికి ఆ కాగితమే తేలుస్తుంది.

రెండోది క్లౌడ్ బ్యాకప్. ఆండ్రాయిడ్‌లో అది గూగుల్ ఖాతాలోకి, ఐఫోన్‌లో ఐక్లౌడ్‌లోకి వెళుతుంది. ఆండ్రాయిడ్ వారికి ఒక సౌకర్యం ఉంది: కంప్యూటర్‌లో గూగుల్ డ్రైవ్ తెరిచి, Storage పేజీలోని Backups లోకి వెళితే వాట్సాప్ బ్యాకప్ ఏ తేదీదో కనిపిస్తుంది. ఆ తేదీని చూసి, ఇంకేమీ నొక్కకుండా బయటికి వచ్చేయండి. ఫోన్‌లో రెండు మూడు గూగుల్ ఖాతాలు ఉన్నవారు అన్నిటిలోనూ చూడాలి; బ్యాకప్ దొరకలేదని వాపోయేవారిలో కొందరికి అది ఎప్పుడో పెట్టుకుని మరిచిపోయిన ఖాతాలో దొరుకుతుంది.

ఈ తేదీకి, ఫోన్ నీళ్లలో పడిన తేదీకి మధ్య ఉన్న ఖాళీయే మీరు నిజంగా పోగొట్టుకోబోయేది. పదేళ్ల చాట్‌లు పోయాయని గుండెలు బాదుకున్నవారి ఖాళీ లెక్క వేస్తే ఒక్కోసారి పద్దెనిమిది గంటలు తేలుతుంది. ఆ పద్దెనిమిది గంటల కోసం బోర్డు రిపేరుకు పంపడం ఎందుకో ఆలోచించుకోవాలి. ఖాళీ మూడేళ్లయితే అది వేరే కథ.

బ్యాకప్‌ను తిరిగి తెచ్చుకునేటప్పుడు నంబరు అదే ఉండాలి, ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఖాతా కూడా అదే ఉండాలి. అందుకే కొత్త ఫోన్‌లో ముందు ఆ ఖాతాను చేర్చి, తర్వాతే వాట్సాప్ పెట్టుకోవాలి. నంబరు ధ్రువీకరణ అయ్యాక బ్యాకప్ కనబడిందని, తిరిగి తెచ్చుకోమంటారా అని అడుగుతుంది. ఆ తెర వచ్చినప్పుడు తొందరలో Skip నొక్కకూడదు. అలా నొక్కితే ఖాళీ వాట్సాప్ తెరుచుకుంటుంది, ఆ తర్వాత రాత్రి జరిగే ఆటోమేటిక్ బ్యాకప్ ఆ ఖాళీ చాట్‌లను పాతదాని స్థానంలో రాసే ప్రమాదం ఉంటుంది. పొరపాటున నొక్కేసి ఉంటే ఆ రాత్రి గడవకముందే వాట్సాప్‌ను తీసేసి మళ్లీ పెట్టుకోండి, ఆ తెర మళ్లీ వస్తుంది. ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ పెట్టుకున్నవారికి తాము పెట్టుకున్న పాస్‌వర్డ్ గానీ, 64 అంకెల కీ గానీ, పాస్‌కీ గానీ కావాలి; అవేవీ లేకపోతే ఆ బ్యాకప్ ఉండీ లేనట్టే. రెండంచెల పిన్ మరిచిపోయి, ఈమెయిల్ కూడా ఇచ్చి ఉండకపోతే 7 రోజులు ఆగవలసి వస్తుంది, కాబట్టి 14 రోజుల లెక్కలో దాన్నీ కలుపుకోండి.

నమోదు అయ్యాక కొన్ని కొత్త సందేశాల చోట సందేశం కోసం వేచి ఉన్నట్టు ఒక బూడిద రంగు వాక్యం కనిపిస్తుంది. అవి పాడైపోలేదు. ఫోన్ మారడంతో మీ ఎన్‌క్రిప్షన్ తాళం మారింది, పంపినవారి ఫోన్ ఆన్‌లైన్‌కు వచ్చి కొత్త తాళంతో మళ్లీ పంపగానే అవి తెరుచుకుంటాయి.

మూడో దారి అవతలి మనిషి. ఇంత సులువైనది కళ్లెదుట ఉండగా ఎవరూ అటు చూడరెందుకో నాకు అర్థం కాదు. మీరిద్దరూ మాట్లాడుకున్న మాటలు వారి ఫోన్‌లోనూ ఉన్నాయి. వారు ఆ చాట్ తెరిచి, మెనూలోని Export chat నొక్కితే తేదీ, సమయం, పేర్లతో సహా ఒక టెక్స్ట్ ఫైల్‌గా వస్తుంది. ఫొటోలు జోడించాలా వద్దా అని కూడా అడుగుతుంది. అది మీ వాట్సాప్‌లోకి తిరిగి వెళ్లి కూర్చోదు, చదువుకోవడానికి, ఆధారంగా చూపుకోవడానికి మాత్రం సరిపోతుంది. చాట్ గోప్యతను పెంచే సెట్టింగ్ ఆ చాట్‌లో ఆన్ చేసి ఉంటే ఎగుమతి కుదరదు. కొన్నాళ్లకు మాయమయ్యేలా పెట్టిన సందేశాలు వారి దగ్గరా మాయమవుతాయి. అవతలి మనిషి ఇప్పుడు లేకపోయినా, వారితో మాటలు తెగిపోయినా ఈ దారి లేదు, తడిసిన ఫోన్ మీద ఆశ పెట్టుకోవలసిన సందర్భాల్లో అది ముఖ్యమైనది.

తడిసిన ఫోన్ దాకా రావలసి వస్తే

ఇక్కడ ఒక అపోహను ముందే తొలగించాలి. ఫోన్ చచ్చిపోయినా మెమరీ చిప్ ఊడదీసి అందులోని సమాచారం తీయవచ్చని కొందరు చెబుతారు. ఒకప్పటి ఫోన్ల విషయంలో అది నిజమే. ఇప్పటి ఫోన్లలో మెమరీలోని ప్రతిదీ తాళం వేసి ఉంటుంది. ఆ తాళంచెవి ప్రాసెసర్ లోపలి రహస్య సంఖ్య, మీ స్క్రీన్ లాక్ పిన్, రెండూ కలిస్తేనే తయారవుతుంది. చిప్ ఒక్కదాన్నే తీసి చదివితే అర్థం లేని అంకెలు వస్తాయి. అందుచేత ఈ రోజుల్లో తడిసిన ఫోన్ నుంచి చాట్‌లు తీయడమంటే ఒక్కటే అర్థం: అదే బోర్డును, అదే ప్రాసెసర్, అదే మెమరీతో, ఒక్కసారైనా లేపి నిలబెట్టి, పిన్ కొట్టి, కావలసినది బయటికి లాగడం. ఫోన్ మళ్లీ వాడుకోదగ్గదిగా మారనక్కర లేదు. అరగంట బతికితే చాలు.

ఈ తేడాను దుకాణంలో మొదటి మాటగానే చెప్పాలి. రిపేరు చేసేవారు సాధారణంగా ఫోన్‌ను పనిచేయించే దృష్టితో చూస్తారు, దానికోసం సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించడం, రీసెట్ చేయడం వారికి మామూలు పనులు. మీకు మాత్రం అవే మరణశిక్ష, ఎందుకంటే రీసెట్‌తో తాళంచెవి చెరిగిపోతుంది, ఆ తర్వాత సమాచారం మిగిలినా తెరుచుకోదు. ఐఫోన్‌ను కంప్యూటర్‌కు పెట్టి బాగుచేసేటప్పుడు Update, Restore అని రెండు బొత్తాలు కనిపిస్తాయి. మొదటిది సమాచారాన్ని ఉంచడానికి ప్రయత్నిస్తుంది, రెండోది చెరిపేస్తుంది. ఆ మాట కాగితం మీద రాయించుకుంటే మరీ మంచిది: సమాచారం కావాలి, రీసెట్ వద్దు, నన్ను అడగకుండా ఏ చిప్పూ మార్చవద్దు.

మంచి పనివాడు మొదట వెనుక మూత తీసి బ్యాటరీ కనెక్టర్‌ను విడదీస్తాడు. తర్వాత లోహపు మూతలు తీసి, బోర్డును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి కడుగుతాడు. తుప్పు పట్టిన చోట తెల్లటి, పచ్చటి పొక్కులు కనిపిస్తాయి. కనెక్టర్ల కాళ్ల దగ్గర అవి ముందుగా కనిపిస్తాయి. నీరు ఆరిపోయినా దానిలోని లవణాలు అక్కడే ఉండి గాలి తేమతో మళ్లీ పని మొదలుపెడతాయి కాబట్టి, ఫ్యాన్ కింద ఎండిన ఫోన్‌కూ కడిగిన ఫోన్‌కూ తేడా ఉంది. ఉప్పునీటిలో పడిన ఫోన్‌ను రెండు రోజులు ఆరబెట్టుకుంటూ కూర్చోకుండా వీలైనంత త్వరగా విప్పించమని చెప్పేది అందుకే.

ఫోన్ చచ్చిందో, తెర మాత్రమే చచ్చిందో తెలుసుకోవడం చాలా విలువైన పరీక్ష. బాగా ఆరాక, లేదా కడిగించాక, పవర్ బొత్తం నొక్కితే ఫోన్ ఒక్కసారి వణికిందా? ఎప్పుడూ మోగే అలారం వేళకు మోగిందా? చీకటి గదిలో టార్చి వెలుగును తెర మీదికి ఏటవాలుగా వేస్తే గడియారం అంకెలు లీలగా కనిపించాయా? వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా మీ బోర్డు బతికే ఉంది, కావలసింది తాత్కాలికంగా ఒక తెర. తెర కనిపిస్తూ టచ్ పనిచేయకపోతే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఓటీజీ ముక్కతో మామూలు మౌస్ తగిలించి పిన్ నొక్కవచ్చు, ఛార్జింగ్ రంధ్రం పూర్తిగా ఆరిందని నమ్మకం కలిగాకే. ఆఫ్ అయి ఆన్ అయిన ఫోన్ వేలిముద్రను ఒప్పుకోదు, పిన్ గానీ ప్యాటర్న్ గానీ తప్పనిసరి. అది గుర్తు లేకపోతే ఈ నాలుగో దారి మొదట్లోనే మూసుకుపోయినట్టు, దుకాణానికి వెళ్లే ముందే తెలుసుకోవలసిన సంగతి.

ఒక ఫోన్ సంగతి

మా పిన్ని కూతురి ఆండ్రాయిడ్ ఫోన్ ఒక గురువారం రాత్రి తొమ్మిదింటికి స్నానాల గది బకెట్‌లో పడింది. తీసేసరికి ఆరిపోయింది, ఆమె రెండుసార్లు ఆన్ చేసి చూసింది కూడా. నాకు ఫోన్ చేసింది తన భర్త ఫోన్ నుంచి. "అన్నయ్యా, మొత్తం పోయినట్టేనా?" అని అడిగింది. ఛార్జర్ పెట్టావా అని అడిగాను. పెట్టలేదంది. అయితే దాన్ని ఫ్యాన్ ముందు వదిలేసి, సిమ్ తీసి పెట్టి, ల్యాప్‌టాప్ తెరవమ్మా అన్నాను.

ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ జోడించే ఉంది. డ్రైవ్‌లో చూస్తే చివరి బ్యాకప్ ఆదివారం రాత్రిది. వారానికి ఒకసారి అని పెట్టుకుంది. అంటే ఖాళీ నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో ఆమెకు కావలసినవి రెండే: ఇంటి మరమ్మతు గురించి మేస్త్రీ పంపిన కొలతలు, వాళ్ల నాన్నగారు ఆసుపత్రి నుంచి పంపిన మూడు వాయిస్ మెసేజ్‌లు. మేస్త్రీ చాట్‌ను స్క్రీన్‌షాట్‌లు తీసింది, ఫొటోలు దించుకుంది. వాయిస్ మెసేజ్‌లలో ఒకటే దిగింది, మిగతా రెండూ మొరాయించాయి. నాన్నగారి ఫోన్ నుంచి తిరిగి పంపించమందామంటే, ఆయన ఫోన్‌లో చోటు చాలక ఎవరో చాట్ మొత్తం ఖాళీ చేసేశారు.

శుక్రవారం ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో అదే గూగుల్ ఖాతా పెట్టి, సిమ్ వేసి, బ్యాకప్ తిరిగి తెచ్చుకుంది. ఆదివారం వరకు అన్నీ వచ్చాయి. ఆ క్షణంలోనే ల్యాప్‌టాప్ తెగిపోయింది, కానీ అప్పటికి అందులో చేయవలసిన పని అయిపోయింది. మిగిలినవి రెండు వాయిస్ మెసేజ్‌లు.

శనివారం తడిసిన ఫోన్‌ను తెలిసిన రిపేరు మనిషి దగ్గర కడిగించాం. బ్యాటరీ తగిలించగానే వణికింది, తెర మాత్రం నల్లగానే ఉంది. ఆయన దగ్గరున్న అదే రకం తెరను బిగించకుండా కేవలం కనెక్టర్‌కు తగిలించి చూస్తే పిన్ అడిగింది. సిమ్ లేదు, తెలిసిన వైఫై దగ్గరలో లేదు, పిన్ కొట్టగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టాం. ఈ జాగ్రత్త కావాలనే తీసుకున్నాం: నంబరు వేరే ఫోన్‌లో నమోదైన సంగతి నెట్ తగిలితే గానీ ఈ ఫోన్‌లోని వాట్సాప్‌కు తెలియదు, తెలియనంతవరకు చాట్‌లు తెరుచుకునే ఉంటాయి. వాయిస్ మెసేజ్‌లు మామూలు ఫైళ్లుగా ఈ చోట ఉంటాయి:

```
Android/media/com.whatsapp/WhatsApp/Media/WhatsApp Voice Notes
```

అందులో వారానికొక ఫోల్డర్ ఉంటుంది, దాని పేరులో సంవత్సరం, వారం సంఖ్య ఉంటాయి. కేబుల్ పెట్టి ఆ వారం ఫోల్డర్‌ను కంప్యూటర్‌లోకి లాగాం. లోపల `.opus` ఫైళ్లు ఉన్నాయి, వాటిలో మనకు కావలసిన రెండూ ఉన్నాయి. దానితోపాటు `Databases` ఫోల్డర్‌ను కూడా కాపీ చేశాం. వాట్సాప్ రోజూ తెల్లవారుజామున రెండింటికి ఫోన్‌లోనే చేసుకునే బ్యాకప్ అందులో ఉంటుంది, అంటే గురువారం తెల్లవారుజాము వరకు అన్ని చాట్‌లూ ఆ ఒక్క ఫైల్‌లో ఉన్నాయి.

ఇక్కడ ఒక ఎంపిక చేసుకోవలసి వచ్చింది. ఆ ఫైల్‌ను పాత ఫోన్‌లో అదే చోట పెట్టి వాట్సాప్‌ను మళ్లీ స్థాపిస్తే ఖాళీ దాదాపు పూర్తిగా నిండుతుంది. కానీ రెండు బ్యాకప్‌లను వాట్సాప్ కలపదు, ఒకదాని స్థానంలో మరొకటి వస్తుంది; శుక్రవారం నుంచి పాత ఫోన్‌లో వచ్చిన మాటలు అప్పుడు పోతాయి. ఒక్క రోజు మాటలు వదులుకొని మూడు రోజులవి తెచ్చుకోవడం లెక్కకు లాభమే. ఆమె మాత్రం, కావలసినవి చేతికి వచ్చాయి కదా, ఇంక కదిలించవద్దు అంది. నాకూ అదే సబబనిపించింది. ఖాళీ నాలుగు నెలలైతే నా సలహా వేరుగా ఉండేది, నిజానికి అలాంటప్పుడు పాత ఫోన్‌లో నమోదు చేయకుండానే ముందు తడిసిన ఫోన్ సంగతి తేల్చుకోమని చెప్పేవాణ్ణి.

ఎక్కడ ఆగాలి

బ్యాటరీ ఉబ్బినా, వెనుక మూత పైకి లేచినా, తగిలించగానే వేడెక్కి ఘాటు వాసన వచ్చినా వెంటనే ఆగాలి. అది చాట్‌ల లెక్క కాదు, మంటల లెక్క. బ్యాటరీని మార్చి మళ్లీ చూడవచ్చు, దాన్ని నొక్కడం, గుచ్చడం మాత్రం చేయకూడదు.

కడిగాక కూడా ఫోన్ లేవకపోతే తర్వాతి మెట్టు బోర్డు మీద షార్ట్ వెతికి, చిన్న కెపాసిటర్లు, కరెంటు పంచే చిప్ మార్చడం. ఇంతవరకు వెళ్లడంలో అర్థం ఉంది, ఎందుకంటే ఆ భాగాలు వేరే బోర్డు నుంచి తెచ్చినా తాళంచెవికి ఏమీ కాదు. ఆ తర్వాతి మెట్టు ప్రాసెసర్‌ను, మెమరీని ఊడదీసి ఇంకో మంచి బోర్డుకు అతికించడం. అది చేయగలవారు తక్కువ, ఒక్కో వేడి దెబ్బకు ఆ రెండు చిప్‌ల ఆయువు తగ్గుతుంది, అది విఫలమైతే తర్వాత ఇంకెవరూ ఏమీ చేయలేరు. అందుకని నేను పెట్టుకున్న హద్దు ఇది: ఒక దుకాణంలో కడగడం, ఒకసారి షార్ట్ వెతకడం. రెండో దుకాణానికి వెళితే మొదటిచోట ఏం చేశారో చెప్పి, చిప్‌లు మార్చే పని ఇంతకుముందు చేసినవారి దగ్గరికే వెళ్లాలి. మూడో చోటికి తిప్పితే అప్పటికే పలుమార్లు వేడి తిన్న బోర్డు మీద ఆశ పెట్టుకున్నట్టే. ప్రాసెసరే షార్ట్ అయిందని, లేదా మెమరీ చిప్ స్పందించడం లేదని కొలిచి చూపించి చెబితే అక్కడితో ఆపండి. ఆ రెంటిలో ఏది పోయినా పిన్ తెలిసి కూడా ప్రయోజనం లేదు.

చచ్చిన ఫోన్ నుంచి చాట్‌లు లాగుతామని డబ్బు అడిగే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ల దగ్గర మొదలు పెట్టకముందే ఆగండి. ఆన్ కాని ఫోన్ కేబుల్‌లో కంప్యూటర్‌కు కనిపించదు, కనిపించని దానిలోంచి ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ తీయలేదు. వాటిలో కొన్ని చివరికి మీ క్లౌడ్ బ్యాకప్‌నే దించి చూపిస్తాయి, అది మీరే ఉచితంగా చేసుకోగలరు.

ఇందుకు విరుద్ధంగా, ఫోన్ తనంతట తానే లేచి కూర్చుంటే అప్పుడు ఆగకూడదు. ఆరిన రెండో రోజున మామూలుగా వెలిగిన ఫోన్ పదో రోజున తుప్పు వల్ల ఆరిపోవడం అరుదేమీ కాదు. వెలిగిన వెంటనే, మిగతా పనులన్నీ పక్కన పెట్టి, మొదట వాట్సాప్ బ్యాకప్, తర్వాత ఫొటోలు, ఆ తర్వాత కాంటాక్టులు బయటికి తీయండి. ఛార్జింగ్ దగ్గర తడి ఉందని ఫోన్ హెచ్చరిక చూపిస్తుంటే దాన్ని దాటి కేబుల్ పెట్టకండి. వైఫై మీద, ఉన్న ఛార్జితోనే ఆ పని ముగించండి.

ఆగాలని నిర్ణయించుకున్న ఫోన్‌ను పారేయనక్కర లేదు. బ్యాటరీని విడదీయించి, బోర్డును కడిగించి, పొడి సంచిలో పెట్టి, దాని మీద పిన్ ఏమిటో మీకు మాత్రమే అర్థమయ్యే గుర్తు రాసి ఉంచుకోండి. కరెంటు లేని బోర్డు మీద తుప్పు చాలా నెమ్మదిగా పాకుతుంది, మెమరీలోని సమాచారం అలాగే ఉంటుంది. మా పిన్ని కూతురి ఫోన్ ఇప్పుడు అలాగే బీరువాలో ఉంది, తెర లేకుండా.